మూల ఎవరి లెక్కలోది?

ముప్పై అడుగుల పొడవు, ఇరవై నాలుగు అడుగుల వెడల్పు ఉన్న చిన్న ఇల్లు అనుకుందాం. పునాది రాతికట్టు పూర్తయింది. దాని మీద చుట్టూ 9 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తుతో ప్లింత్ బీము పోయాలి. మేస్త్రి టేపు పట్టుకుని బయటి అంచుల వెంట నాలుగు వైపులా కొలిచాడు. 30, 24, 30, 24. కలిపితే 108 అడుగులు. ముప్పావు అడుగు వెడల్పు, అడుగు ఎత్తు కాబట్టి 108ని 0.75తో గుణిస్తే 81 ఘనపుటడుగులు. కాగితం మీద రాసి ఇచ్చాడు.

టేపు సరిగ్గానే పట్టాడు, గుణకారం కూడా సరిగ్గానే చేశాడు. అయినా ఆ బీములో పట్టే కాంక్రీటు 81 ఘనపుటడుగులు కాదు, 78.75 మాత్రమే. తేడా రెండుంబావు ఘనపుటడుగులు. అది నాలుగు మూలల్లో దాక్కుని ఉంది.

పొడవు వైపు బీము 30 అడుగులు కొలిచినప్పుడు, రెండు చివరల్లో ఉన్న మూల చతురాలు ఆ 30లో చేరిపోయాయి. తర్వాత వెడల్పు వైపు బీము 24 అడుగులు కొలిచినప్పుడు అవే చతురాలు మళ్ళీ లెక్కలోకి వచ్చాయి. ఒక్కో మూల చతురం 9 అంగుళాలకు 9 అంగుళాలు, ఎత్తు అడుగు. అంటే 0.75 ఇంటూ 0.75 ఇంటూ 1. వచ్చేది 0.5625 ఘనపుటడుగు. నాలుగు మూలలకు 2.25. రెండు కాగితపు పట్టీలను బల్ల మీద ఎల్ ఆకారంలో ఒకదాని చివర మీద ఒకటి పెట్టి చూస్తే, ఒకదాని మీద ఒకటి పడిన ఆ చిన్న చతురమే ఇది. కాగితం అయితే అక్కడ నిజంగా రెండు పొరలు ఉంటాయి. కాంక్రీటుకు రెండు పొరలు ఉండవు. ఒక చోటును ఒకసారే నింపుతాం.

ఈ మాట చెబితే చాలామంది మేస్త్రులకు కొంచెం కోపం వస్తుంది. "మూల వదిలేస్తే బీము ఎలా నిలబడుతుందండీ?" అని అడుగుతారు. అడగడంలో తప్పులేదు. కానీ మూలను వదిలేయమని ఎవరూ అనడం లేదు. ఏదో ఒక బీము ఖాతాలో ఒక్కసారి రాయమంటున్నాం. ఎవరి ఖాతాలో రాయాలన్నది మన ఇష్టం. అది ముందే తేల్చుకుని చివరిదాకా దానికే కట్టుబడి ఉండాలి.

మామూలుగా వాడే పద్ధతి ఇది. పొడవు బీములు రెంటినీ బయటి నుంచి బయటికి పూర్తిగా కొలుస్తాం. మూలలు వాటికే. అంటే రెండు ముప్పైలు, 60 అడుగులు. వెడల్పు బీములను మాత్రం ఆ రెండు పొడవు బీముల లోపలి ముఖాల మధ్య కొలుస్తాం. 24 అడుగుల్లోంచి అటు 9 అంగుళాలు, ఇటు 9 అంగుళాలు పోతే 22 అడుగుల 6 అంగుళాలు. అలాంటివి రెండు కాబట్టి 45. మొత్తం 105 అడుగులు. దాన్ని 0.75తో గుణిస్తే 78.75 ఘనపుటడుగులు.

ఇంజనీర్లకు ఇంకో పద్ధతి ఇష్టం. అది సెంటర్ లైన్. బీము వెడల్పుకు సరిగ్గా మధ్యలో గీత గీసి, ఆ గీత పొడవును కొలవడం. బయటి కొలత 30 అడుగులు ఉంటే మధ్యగీత 29 అడుగుల 3 అంగుళాలు, 24 ఉన్నచోట 23 అడుగుల 3 అంగుళాలు. రెండూ కలిపి రెట్టింపు చేస్తే మళ్ళీ 105 అడుగులే. మూలలను కూడడం, తీసేయడం ఏమీ లేకుండానే సరైన జవాబు ఎలా వచ్చింది? మూల చతురాన్ని నాలుగు చిన్న గళ్ళుగా ఊహించుకుంటే అర్థమవుతుంది. రెండు బీముల మధ్యగీతలూ ఆ చతురం నడిబొడ్డులో కలుస్తాయి. ఒక్కో బీము ఆ నడిబొడ్డు దాకానే వస్తుంది కాబట్టి ఒక్కోటి సగం చతురాన్ని, అంటే రెండు గళ్ళను తీసుకుంటుంది. ఇంటి లోపలి వైపున్న గడి రెండింటి లెక్కలోనూ పడుతుంది. బయటి కొసన ఉన్న గడి ఎవరి లెక్కలోనూ పడదు. రెండుసార్లు పడ్డ గడీ, అసలు పడని గడీ ఒకే పరిమాణంలో ఉంటాయి కాబట్టి ఎక్కువ, తక్కువ సరిపోతాయి. స్థలం కాస్త వంకరగా ఉండి మూలలు నిలువు కోణంలో లేకపోయినా ఈ సెంటర్ లైన్ లెక్క చెదరదు. 9 అంగుళాలు తీసేసే పద్ధతి మాత్రం అలాంటి చోట కొద్దిగా తప్పుతుంది.

మూడో దారిలో వెళ్ళినవాళ్ళూ ఉంటారు. లోపలి అంచుల వెంట కొలిచి 28.5, 22.5 చొప్పున రెండేసి కలిపి 102 అడుగులు అంటారు. దాంట్లో ఒక్క మూలా లేదు. 76.5 ఘనపుటడుగులు వస్తుంది. దానికి నాలుగు మూలల 2.25 కలిపితే మళ్ళీ 78.75. ఏ దారిన వచ్చినా ఈ అంకెకే చేరాలి. రెండు దారుల్లో చేసి చూసుకుంటే పొరపాటు అక్కడికక్కడే బయటపడుతుంది. నా మట్టుకు నాకు సెంటర్ లైన్‌తో లెక్కవేసి, పొడవు వెడల్పుల పద్ధతితో సరిచూసుకోవడం నచ్చుతుంది.

బీము వెడల్పు పెరిగితే ఈ పొరపాటు వేగంగా పెరుగుతుందని గమనించాలి. మూల చతురం వెడల్పును వెడల్పుతోనే గుణించగా వచ్చేది కదా. 9 అంగుళాల బీముకు రెండుంబావు అయిన తేడా, 12 అంగుళాల వెడల్పు బీముకు అదే ఎత్తులో 4 ఘనపుటడుగులు అవుతుంది.

ఇంతవరకూ చుట్టు బీము ఒక్కటే చూశాం. ఇంట్లో గదులుంటాయి, వాటి గోడల కింద కూడా బీములుంటాయి. మన ఇంట్లో ఒక అడ్డ బీము ముందు నుంచి వెనక్కి పోతుంది. ఎడమ పక్క 15 అడుగుల హాలు, కుడి పక్క 12 అడుగుల 9 అంగుళాల భాగం మిగులుతాయి. కుడి పక్క భాగాన్ని రెండు గదులు చేస్తూ ఇంకో పొట్టి బీము ఉంది. ఈ రెండు బీములూ వేరే బీములను తగిలే చోటు ఎల్ మూల కాదు, టి ఆకారపు కూడలి. అలాంటివి నాలుగున్నాయి.

సెంటర్ లైన్ మీద నమ్మకం ఎక్కువైనవాళ్ళు ఇక్కడే బోల్తాపడతారు. టి కూడలిలో నేరుగా పోయే బీము ఆ చతురం మొత్తాన్నీ ఎప్పుడో తీసేసుకుంది. పక్కనుంచి వచ్చి తగిలే బీము మధ్యగీత ఆ చతురం నడిమధ్య దాకా పోతే, అందులో సగం రెండోసారి లెక్కలో పడ్డట్టే. ఇక్కడ దాన్ని సరిపెట్టే ఖాళీ గడి లేదు. కాబట్టి తగిలే ప్రతి చోటా సగం వెడల్పు, అంటే 4½ అంగుళాలు తీసేయాలి. అడ్డ బీము మధ్యగీత 23 అడుగుల 3 అంగుళాలు. రెండు చివరలా నాలుగున్నర చొప్పున 9 అంగుళాలు పోతే 22 అడుగుల 6 అంగుళాలు. పొట్టి బీము 12 అడుగుల 9 అంగుళాలు. రెండూ లోపలి ముఖాల మధ్య దూరాలే అయ్యాయి. లోపలి బీముల వరకూ ముఖం నుంచి ముఖానికి టేపు పెడితే చాలు, తీసివేత గొడవే ఉండదు.

ఇప్పుడు మొత్తం కూడదాం. చుట్టు బీము 105, అడ్డ బీము 22.5, పొట్టి బీము 12.75. అన్నీ కలిపి 140.25 అడుగులు. ముప్పావుతో గుణిస్తే 105.19 ఘనపుటడుగులు, దాదాపు 2.98 ఘనమీటర్లు. అన్నిటినీ బయటి నుంచి బయటికి కొలిచి ఉంటే 146.25 అడుగులు, 109.69 ఘనపుటడుగులు వచ్చేది. తేడా నాలుగున్నర ఘనపుటడుగులు, నూటికి నాలుగు పైచిలుకు. ఎం20 కాంక్రీటును ఒకటికి ఒకటిన్నరకు మూడు పాళ్ళలో కలిపితే ఘనమీటరుకు సుమారు 8 బస్తాల సిమెంటు పడుతుంది. మన బీములకు 24 బస్తాలు. ఎక్కువ లెక్క వేసినందుకు ఒక బస్తా, దానికి తగ్గ ఇసుక, కంకర మిగిలిపోతాయి. ఒక్క బస్తాయే కదా అనిపించవచ్చు. కానీ ఘనపుటడుగు లెక్కన మెటీరియల్‌తో సహా పని ఒప్పుకున్నప్పుడు ఆ నాలుగున్నర బిల్లులో కనిపిస్తుంది. ఇదే పద్ధతి లింటల్ బీముకూ, రూఫ్ బీముకూ కొనసాగుతుంది.

ఇల్లు పిల్లర్ల మీద లేస్తుంటే మూల చతురానికి మూడో హక్కుదారు వస్తాడు. అతనే పిల్లరు. పిల్లరును పునాది ఫుటింగు పైనుంచి ఏకబిగిన కొలిచారంటే, బీముతో కలిసే ఆ అడుగు ఎత్తు కూడా దాని లెక్కలో చేరిపోయినట్టే. అప్పుడు బీములన్నిటినీ పిల్లరు ముఖం నుంచి పిల్లరు ముఖానికే కొలవాలి. బీమును నేరుగా కొలిచారంటే పిల్లరును బీము అడుగు దాకా ఒక ముక్క, పై నుంచి ఇంకో ముక్కగా కొలవాలి. రెండింట్లో ఏదైనా మొత్తం ఒకటే. బిల్లులో పిల్లర్ల పేజీ, బీముల పేజీ పక్కపక్కన పెట్టుకుని చూడాల్సింది ఇదొక్కటే. పిల్లరు ఎత్తు కింది నుంచి పై దాకా ఏకంగా రాసి, బీము పొడవు కూడా మూల నుంచి మూలకు రాసి ఉంటే ఆ చోటుకు మీరు రెండుసార్లు డబ్బు కడుతున్నారు.

ఇక రింగుల సంగతి. కాంక్రీటును ఘనపుటడుగుల్లో కొలుస్తాం కాబట్టి మూల తప్పు కాస్త దశాంశాల్లో దాక్కుంటుంది. రింగులను వేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చు, అందుకే ఇక్కడ తప్పు తొందరగా కనబడుతుంది. రాడ్ బెండింగ్ వాళ్ళు చేసే లెక్క సాధారణంగా ఇలా ఉంటుంది. రింగు రింగుకూ 6 అంగుళాలు. అడుగుకు రెండు. బీము 30 అడుగులు కాబట్టి 60, చివరిది ఒకటి కలిపి 61. 24 అడుగుల బీముకు 49. మన ఇంటి బీములన్నిటికీ ఇలా బయటి కొలతలతో వేస్తే 299 రింగులు వస్తాయి.

ఇప్పుడు బీము లోపలికి వెళ్ళి చూద్దాం. రింగుల వరుస మొదలయ్యేది మూల కొసన కాదు. ఎదురు బీము ముఖం దాటాక మొదలవుతుంది. మొదటి రింగు ఆ ముఖానికి 50 మిల్లీమీటర్లలోపు, అంటే రెండంగుళాల దూరంలో ఉండాలని భూకంపాలను తట్టుకునే నిర్మాణాలకు రాసిన భారతీయ ప్రమాణం ఐఎస్ 13920 చెబుతుంది. చిన్న ఇంటికైనా ఆ అలవాటు మంచిదే. పొడవు బీము లోపలి ముఖాల మధ్య దూరం 28 అడుగుల 6 అంగుళాలు, అంటే 342 అంగుళాలు. రెండు చివరలా రెండేసి తీసేస్తే 338. దాన్ని ఆరుతో భాగిస్తే 56 దాటి కొంచెం వస్తుంది. ఖాళీ 6 అంగుళాలకు మించకూడదు కాబట్టి 57 ఖాళీలు చేయాలి. ఖాళీల కన్నా రింగులు ఒకటి ఎక్కువ ఉంటాయి. 58 రింగులు. వెడల్పు బీముకు 270 అంగుళాల్లో నాలుగు పోతే 266. ఆరుతో భాగిస్తే 45 ఖాళీలు, 46 రింగులు. అడ్డ బీముకూ అంతే. పొట్టి బీము 153 అంగుళాలు, నాలుగు పోతే 149, 25 ఖాళీలు, 26 రింగులు.

పొడవు బీములు రెంటికి 116, వెడల్పు బీములు రెంటికి 92, అడ్డ బీముకు 46, పొట్టి బీముకు 26. మొత్తం 280.

మరి మూల చతురంలో రింగే వద్దా? పిల్లరు ఉంటే అక్కడ బీము రింగు పెట్టనక్కర్లేదు. పిల్లరు రింగులే ఆ కూడలి గుండా పైకి పోవాలి. చాలా సైట్లలో సెంట్రింగ్ వాళ్ళు ఆ చోట పిల్లరు రింగులు ఊడదీసి బీము రాడ్లు దూర్చి, మళ్ళీ కట్టకుండా వదిలేస్తారు. కాంక్రీటు పోయకముందే అక్కడ వంగి చూడాలి. మన ఇంట్లా పిల్లర్లు లేని చోట మాత్రం మూల ఖాళీగా ఉండకూడదు. పొడవు బీము రింగుల వరుసనే ఇంకో 6 అంగుళాలు ముందుకు కొనసాగిస్తే, ఆ రింగు మూల చతురంలోకి నాలుగంగుళాలు పోయి సరిగ్గా కూర్చుంటుంది. మూలకు ఒకటి చొప్పున నాలుగు. మొత్తం 284. వెడల్పు బీము రింగును కూడా అదే చతురంలో ఇరికించాలని చూస్తే, అటు వంగిన రాడ్లకు ఇది అడ్డం పడుతుంది. బలవంతాన దూర్చిన రింగు ఒరిగిపోతుంది, కంకర కిందికి దిగదు, మూల అడుగున తేనెపట్టులా గుల్లలు పడతాయి. కాబట్టి మూలను ఒకసారే లెక్కపెట్టాలన్నది ఇక్కడ డబ్బు విషయమే కాదు. రెండో దానికి అక్కడ అసలు చోటు లేదు.

టి కూడలిలో కూడా అంతే. నేరుగా పోయే బీము తన రింగులతో ఆగకుండా పోతుంది. తగిలే బీము రింగులు ముఖం దగ్గర ఆగిపోతాయి. అదే కూడలిలో పిల్లరు వస్తే నేరు బీము వరుస కూడా తెగుతుంది. 30 అడుగుల బీము 15 అడుగులు, 12 అడుగుల 9 అంగుళాలు అనే రెండు ముక్కలవుతుంది. ఒక్కో ముక్కకూ విడిగా లెక్కవేయాలి. మొదటిదానికి 31, రెండోదానికి 26, కలిపి 57. ముందు 58 వచ్చిన చోట ఒకటి తగ్గింది. తేడా చిన్నదే గానీ ఇంటి మొత్తం పొడవును ఒకేసారి ఆరుతో భాగించి ఒకటి కలపడం ఎందుకు నడవదో ఇది చూపిస్తుంది. ప్రతి వరుసకూ దాని మొదలు, దాని చివర ఉన్నాయి.

కొన్ని డ్రాయింగుల్లో రింగుల దూరం అంతటా ఒకేలా ఉండదు. చివరల్లో దగ్గరగా, మధ్యలో దూరంగా ఉంటుంది. మన పొట్టి బీముకు రెండు కొసలా రెండేసి అడుగుల మేర 4 అంగుళాలకొకటి, మధ్యలో 6 అంగుళాలకొకటి అని రాశారనుకోండి. ముఖం నుంచి 2, 6, 10, 14, 18, 22 అంగుళాల దగ్గర ఆరు రింగులు. అటు చివరా ఆరు. మధ్యలో మిగిలిన 109 అంగుళాలను 19 ఖాళీలు చేస్తే వాటి మధ్య 18 రింగులు పడతాయి. మొత్తం 30. మధ్య భాగానికి 'ఒకటి కలపడం' కాదు, ఒకటి తగ్గించడం జరిగింది. ఎందుకంటే దాని రెండు హద్దు రింగులూ చివరి భాగాల లెక్కలో ఇప్పటికే ఉన్నాయి. ఇదీ మూల తప్పు లాంటిదే, బీము నడుమ వచ్చింది.

రింగు పొడవు కూడా చూద్దాం, లేకపోతే 284కి ఎంత ఇనుము కావాలో తెలియదు. చుట్టూ 30 మిల్లీమీటర్ల కవరు వదిలితే 230కి 300 బీములో రింగు బయటి కొలత 170కి 240. చుట్టుకొలత 820 మిల్లీమీటర్లు. లోపలికి 135 డిగ్రీలు వంచిన రెండు కొక్కేలకు 8 ఎంఎం రాడ్డులో 80 చొప్పున 160. వంపుల దగ్గర రాడ్డు సాగేది తీసేస్తే దాదాపు 885 వస్తుంది. సైట్లో మూడడుగుల ముక్కగా కోస్తారు. 40 అడుగుల రాడ్డుకు పదమూడు రింగులు, అడుగు ముక్క వృథా. 284 రింగులకు 22 రాడ్లు, సుమారు 104 కిలోలు. 299 అనుకుంటే ఇంకో రాడ్డు కొనాలి. కొక్కేన్ని 90 డిగ్రీలకే వంచి వదిలిన రింగులు కనిపిస్తే వెనక్కి పంపడమే మంచిది. బీము ఊగినప్పుడు అవి విచ్చుకుంటాయి.

ఒక్క విషయంలో మాత్రం మూల రెండుసార్లు లెక్కలోకి రావాల్సిందే. అవి నిలువునా పోయే పెద్ద రాడ్లు. పొడవు బీము రాడ్డు మూల దాకా వచ్చి వెడల్పు బీములోకి వంగుతుంది. వెడల్పు బీము రాడ్డు కూడా అలాగే వచ్చి ఇటు వంగుతుంది. ఆ చతురంలో ఇద్దరి రాడ్లూ నిజంగా ఉంటాయి. పైగా వంగాక లోపలికి పోయే కాలు పొడవు డ్రాయింగులో రాసినంత ఉండాలి. దాన్ని కూడా కలుపుకోవాలి. కాంక్రీటులో నేర్చుకున్న తీసివేతను ఇక్కడ కూడా చేసి రాడ్లను లోపలి ముఖాల దాకానే కోయిస్తే, మూలలో రెండు బీములూ ఒకదానికొకటి కట్టిపడకుండా పక్కపక్కన నిలబడ్డ రెండు ముక్కలవుతాయి. పునాది ఒక పక్క కుంగితే మొదటి బీట అక్కడే.

కాంక్రీటు పోసే ముందు రోజు సాయంత్రం లెక్క చూసుకోవడానికి వీలుంటుంది. రింగులు కట్టేశారు, పలకలు బిగించారు, ఇంకా అన్నీ కంటికి కనబడుతున్నాయి. ముఖం నుంచి మొదటి రింగు దాకా రెండంగుళాలుందా అని చూసి, ఆ రింగు నుంచి పది అడుగులు టేపు పెట్టి లెక్కపెడితే కనీసం 21 రింగులు కనబడాలి. 17, 18 వచ్చాయంటే దూరం 7 అంగుళాలకు జరిగిపోయింది. చివరి రింగును మాత్రం వేరుగా చూడాలి. ఒక కొసన మొదలుపెట్టి కట్టుకుంటూ పోయినవాళ్ళు రెండో కొస దగ్గరికి వచ్చేసరికి మిగిలిన దూరం ఎంతైనా అలాగే వదిలేస్తారు. కాంక్రీటు రెడీమిక్స్ లారీలో తెప్పిస్తుంటే 2.98 ఘనమీటర్ల మీద చిందేది, పలకల సందుల్లో కారేది చూసుకుని కొంచెం కలిపి చెప్పాలి. మూడుంబావు చెబితే సరిపోతుంది. ఆ కలిపేది వృథా పేరు మీద విడిగా రాసి ఉండాలి, మూలల్లో కలిసిపోయి కాదు.